ఏఁటికొకమాఱు ఏటిమట్టి: పాత అచ్చు చదవడంలో నా అనుభవం

మాది కోనసీమ. తాతగారి పెట్టెలో వ్యవసాయం మీద ఒక పాత అచ్చు పుస్తకం దొరికింది. అట్టా, ముఖపత్రం ఎప్పుడో పోయాయి. దాన్ని ఇంట్లో పిల్లలకు అర్థమయ్యే వాడుక తెలుగులోకి మార్చుదామని కూర్చున్నాను. తెలుగే కదా, పేజీకి గంట చాలనుకున్నాను. ఒక్క వాక్యం దగ్గర రెండు రోజులు పట్టింది. ఆ వాక్యం ఇది:

వష౯ములకు మునుపేఁటికొకమాఱేటిమట్టిఁ దోలవలెను.

మొదటి మాటలో షకారం పక్కనున్నది తొమ్మిది అంకె అనుకున్నాను. అదే పేజీలో పుట సంఖ్య కూడా తెలుగు అంకెల్లోనే ఉంది, రెండూ ఒకేలా ఉన్నాయి. బడిపంతులుగా చేసి రిటైరైన మా పెదనాన్నకు చూపించాను. "అంకె కాదమ్మా, వలపలగిలక. వలపల అంటే కుడివైపు. రాయడం కుడివైపు రాస్తారు, పలకడం ఆ అక్షరం కంటే ముందు పలకాలి" అన్నారు. అంటే ష౯ అని ఉంటే ర్ష. వర్షములకు. అలాగే ధమ౯ము ధర్మం, కాతి౯కము కార్తికం. అంకె అయితే ఒంటరిగానో, వేరే అంకెల మధ్యనో ఉంటుంది. మాట మధ్యలో అక్షరానికి అతుక్కుని ఉంటే గిలక. ఇంతవరకూ తేలికే.

నేను చేసిన పెద్ద తప్పు అరసున్న దగ్గర. ఇప్పుడెవరూ రాయరు కదా అని ఎత్తి రాసుకునేటప్పుడే అరసున్నలన్నీ తీసేశాను, ఱ ఉన్నచోట ర పెట్టాను. తర్వాత చూసుకుంటే నా కాగితం మీద "మునుపేటికొకమారేటిమట్టి" అని మిగిలింది. రెండుచోట్లా ఏటి ఉంది, రెండూ గోదారే అనుకున్నాను. "ఏటికి ఒకసారి ఏటి మట్టి తోలాలి" అని రాసి, మట్టి ఏటికి తోలడమేమిటో తెలియక తికమక పడ్డాను.

పెదనాన్న అసలు పేజీ తెమ్మన్నారు. వెలుతురు పక్కనుంచి పడేలా కిటికీ దగ్గర పెట్టి చూస్తే మొదటి ఏటి మధ్యలో అరసున్న స్పష్టంగా ఉంది, రెండోదానిలో లేదు. ఏఁడు అంటే సంవత్సరం, దానికి ఏఁటికి. ఏఱు అంటే నది, దానికి ఏటికి. బహువచనం చేసి చూడమన్నారు. సంవత్సరాలైతే ఏండ్లు అని సున్న బయటికొస్తుంది. నదులైతే రాదు, ఏళ్లు అవుతుంది. అరసున్న ఉండాల్సిన మాటా కాదా అని అనుమానం వస్తే ఇప్పటికీ ముందు ఈ పరీక్షే చేస్తాను. వాఁడు, వాండ్లు కూడా అంతే.

కాగితం మీద మచ్చలు కూడా అరసున్నల్లా కనబడి మోసం చేస్తాయి. సంస్కృతం నుంచి ఉన్నదున్నట్టు వచ్చిన మాట లోపల అరసున్న రాదు. అక్కడ కనిపిస్తే అది మరకే.

మాటలు విడదీయడం ఆ తర్వాత పని. మునుపు, ఏఁటికి, ఒకమాఱు, ఏటిమట్టిని. సంధుల్లో ఉకారాలూ ఇకారాలూ పోయి అంతా ఒక్క మాటలా అచ్చయింది. ఇక "దోలవలెను" మిగిలింది. శబ్దరత్నాకరంలో దకారం కింద వెతికితే దోల అంటే ఉయ్యాల అని కనబడింది. మట్టికీ ఉయ్యాలకూ సంబంధమేముంది? దాని ముందున్న "మట్టిఁ" లోని అరసున్నే దారి చూపింది. అది మట్టిని అనే మాటలోని నకారం మిగిల్చిన గుర్తు. ఆ నకారం వెనక వచ్చే క, చ, ట, త, ప లు గ, జ, డ, ద, బ లుగా మారతాయి. అందుకని వెనక్కి తిప్పి తకారం కింద వెతకాలి. తోలు. మా ఊళ్ళో ఇప్పటికీ ట్రాక్టర్ మీద మట్టి తోలారనే అంటాం.

అలా తేలింది: వర్షాలకు ముందు, ఏడాదికోసారి, ఏటి ఒండ్రు పొలానికి తోలాలి.

అప్పట్నుంచి మూడు గళ్ళ నోటుపుస్తకం పెట్టాను. మొదటి గడిలో ఉన్నది ఉన్నట్టు, గిలకకు తొమ్మిది అంకె వేసి, ఱ, అరసున్న ఏదీ దిద్దకుండా. రెండో గడిలో మాటలు విడదీసి ఇప్పటి రాతలో. మూడో గడిలో అర్థం. తప్పు పడితే మొదటి గడికి వెళ్ళి చూసుకోవచ్చు. మొదట్లో నేను మొదటి గడినే చెడగొట్టుకున్నాను, మళ్ళీ పుస్తకం ముట్టుకోవాల్సి వచ్చింది. ముట్టుకున్నప్పుడల్లా అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి, అదే నా బాధ.

చివరి పేజీలో ఒక వరస మాత్రం తేలలేదు. "ఏ" తర్వాతి అక్షరాన్ని పురుగు తినేసింది, ఆ తర్వాత "కట్టునపుడు" అని ఉంది, వరసలో మిగతాది లేదు. పోయింది బండి ఱ అయితే నదికి కట్ట కట్టడం. మామూలు ర అయితే ఏరు, అంటే ఎడ్లతో సహా నాగలి. ఏరువాకలో ఉన్నది ఆ ఏరే. పుస్తకం రెండింటి గురించీ మాట్లాడుతుంది. మూడో గడిలో రెండర్థాలూ రాసి, మొదటి గడిలో ఆ అక్షరం చోటు ఖాళీగా వదిలేశాను.