చేర్యాల పటాలు, ఇంగ్లిష్ లేబుళ్లు: నా అనుభవం

సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు గీసే పటాలతో ఒక మ్యూజియం ప్రదర్శన పెట్టింది. 22 లేబుళ్లు, కేటలాగ్ కోసం ఒక వ్యాసం నాకిచ్చి ఇంగ్లిష్‌లోకి మార్చమన్నారు. లేబుల్ 60 మాటలు దాటకూడదని షరతు.

మొదటి మాటే ఆపేసింది: పటం. 'పెయింటింగ్' అంటే గోడకు తగిలించే బొమ్మ అనుకుంటారు. ఇది పొడవైన గుడ్డ చుట్ట. కథకుడు ఒక్కో గడి విప్పుతూ పాడతాడు. అందుకే 'పటం' అనే మాటనే ఉంచి, పక్కనే 'కథ చెబుతూ విప్పే బొమ్మల చుట్ట' అన్న అర్థం వచ్చేలా నాలుగైదు ఇంగ్లిష్ మాటలు చేర్చాను. అర్థాలన్నీ చివర పట్టికలో వేద్దామన్నారు కానీ నేను ఒప్పుకోలేదు. లేబుల్ ముందు నిలబడి చదివేవాళ్లు వెనక పేజీ తిప్పలేరు కదా.

అసలు కష్టమంతా ఈ వాక్యంతోనే: "డక్కలివారు మాదిగలకు ఆశ్రితులు. పటం విప్పి జాంబపురాణం చెబుతారు." ఆశ్రితులు అన్నచోట ముందు 'డిపెండెంట్స్' అని రాశాను. మర్నాడు చదివితే ఒకరి దయమీద బతికేవాళ్లన్నట్టు వినిపించింది. నిజానికి ఆ కథ చెప్పడం వాళ్లకు తరతరాలుగా వచ్చిన హక్కు, ప్రతిఫలం ఇవ్వడం మాదిగల బాధ్యత. అందుకే 'మాదిగలకు వంశపారంపర్య కథకులు, కథ చెప్పినందుకు కానుకలు తీసుకునే హక్కున్నవారు' అన్న భావం వచ్చేలా మార్చాను. పది మాటలు ఎక్కువయ్యాయి, కొలతల వివరం తీసేసి చోటు చేశాను.

అదే లేబుల్‌లో పెద్ద తప్పొకటి చేశాను. జాంబవుడి పక్కన 'రామాయణంలోని భల్లూకరాజు' అని వివరణ పెట్టాను. ఇంగ్లిష్ పాఠకులకు తెలిసిన కథతో కలిపితే తేలిక అనుకున్నాను. డక్కలి కథకుడు ఒకాయనకు తెలుగులో చదివి వినిపిస్తే, "లేదు బిడ్డా, మా కథల జాంబవుడు భూమి పుట్టకముందే పుట్టిండు, మాదిగలకు మూలపురుషుడు" అన్నాడు. నా ఆరు మాటలు పురాణం మొత్తాన్ని రామాయణానికి అనుబంధంగా మార్చేశాయని అప్పుడర్థమైంది. వివరణ 'భూమికి ముందే పుట్టిన ఆదిపురుషుడు' అయింది. ఆ రాత్రి మిగతా లేబుళ్లలో 'ఫలానా దేవుడి రూపం' అని నేను రాసినవన్నీ మళ్లీ వెతికి చూశాను.

వ్యాసంలో గుడ్డకు పూత పూసే విధానం ఉంది: చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు. సుద్దను 'చాక్' అన్నాను. బడిలో బోర్డు మీద రాసేది గుర్తొస్తుందని నకాషీ ఒకరు అభ్యంతరం చెప్పారు. 'తెల్లమట్టి' అనే అర్థంతో సరిచేశాను.

ప్రూఫు వచ్చాక, తెలుగు రాని స్నేహితురాలికి ఒక్కో లేబుల్ ఇచ్చి, చదివాక దాచేసి ఏం అర్థమైందో చెప్పమన్నాను. డక్కలి లేబుల్ గురించి ఆమె మొదట చెప్పిన మాట, "వీళ్లు మాదిగల చరిత్ర పాడేవాళ్లు" అని.