షిఫ్ట్ మార్చుకోమని అడిగితే ఎలా కాదనాలి

ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో పనిచేసే మన నర్సులకు వార్డు పని కన్నా డ్యూటీల పట్టిక, అంటే రోటా, వచ్చిన తర్వాత మొదలయ్యే బేరాలే కష్టం. "అక్కా, శుక్రవారం నా నైట్ నువ్వు చేస్తావా, నీ ఆదివారం నేను చేస్తా" అని వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది. అడిగేది మన పక్క ఊరి అమ్మాయి, కొత్తగా వచ్చినప్పుడు మన ఇంట్లోనే దిగిన పిల్ల, కాదంటే ఏమనుకుంటుందో అని "చూస్తాలే" అనేస్తాం. ఆ పిల్ల సగం పని అయిపోయిందనుకుని ఇంకెవరినీ అడగదు, మనం గురువారం సాయంత్రం చల్లగా కుదరదంటే అప్పుడు నిజంగానే కోపం వస్తుంది, రావాలి కూడా.

మెసేజ్ రాగానే రోటా తీసి చూడాలి. శుక్రవారం రాత్రి 7:30కి ఎక్కిన నైట్ శనివారం పొద్దున 8కి దిగుతుంది. నాకు అదే శనివారం మధ్యాహ్నం 1:30కి లేట్ షిఫ్ట్ ఉంటే మధ్యలో దొరికేది అయిదున్నర గంటలు. అక్కడి 1998 నాటి పని గంటల నిబంధనల ప్రకారం మామూలుగా రోజుకు వరుసగా 11 గంటల విరామం ఉండాలి, కాబట్టి నేను సరేనన్నా వార్డు మేనేజర్ ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు జవాబు తేలిక: "శనివారం నాకు లేట్ ఉందమ్మా, నిద్ర లేకుండా మందులు ఇవ్వలేను. వచ్చే వారం నీ నైట్ ఒకటి అయితే చేస్తాను, అది కావాలంటే ఈ రోజే చెప్పు, మేనేజర్‌కి మెయిల్ పెడదాం." నోటిమాట మార్పిడి మాత్రం వద్దు, ఆమె రాకపోతే రోటాలో ఉన్న పేరు మనదే.

అసలు చిక్కు ఏ నిబంధనా అడ్డురాని చోట. "నీకు క్రిస్మస్ లేదుగా, నా బదులు చెయ్యొచ్చుగా" అంటారు. (మన తెలుగు నర్సుల్లో క్రైస్తవులు ఎంతమందో అడిగేవాళ్లకు తెలియదు పాపం.) పండుగ లేనివాళ్లకు కూడా ఆ రోజు పిల్లలు ఇంట్లోనే ఉంటారు. నేనైతే కథలు చెప్పను. "ఆ రోజు ఇంట్లో ఉండాలనుకుంటున్నాను, సారీ, ఈసారి చెయ్యలేను" అంటాను, అంతే. కారణాలు పెంచుకుంటూ పోతే ఒక్కోదానికీ వాళ్లు ఒక్కో దారి చూపిస్తారు, పిల్లల్ని మా ఇంట్లో వదిలెయ్ అనేదాకా వస్తుంది. క్రిస్మస్ చేసి సంక్రాంతికి సెలవు తీసుకోవడం మంచి బేరమే, కానీ జనవరి సెలవు మంజూరైన తర్వాతే డిసెంబరుకు ఒప్పుకోవాలి.

ఇంకోటి, కాదన్న రాత్రికే డబ్బులెక్కువ వస్తాయని బ్యాంక్ షిఫ్ట్, అంటే ఆసుపత్రి ఇచ్చే అదనపు డ్యూటీ, పట్టుకోకండి. రోటా అందరూ చూస్తారు.