విజయవాడలో డెలివరీ వ్యాన్ డ్రైవర్ ఇంటర్వ్యూ: నా అనుభవం

విజయవాడ ఆటోనగర్‌లోని ఒక కొరియర్ హబ్‌లో టాటా ఏస్ నడిపే ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లాను. బండి నడపడం ఎలాగూ చూస్తారని తెలుసు. కానీ ఎక్కువసేపు గడిచింది కాగితాల దగ్గర, రూటు ప్రశ్నల దగ్గర.

ఒరిజినల్స్, జిరాక్స్‌లు రెండూ తీసుకెళ్లాను: డ్రైవింగ్ లైసెన్స్, ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్, పదో తరగతి మెమో, ఫొటోలు. లైసెన్స్ డిజీలాకర్‌లో కూడా పెట్టుకున్నాను. కాగితాలు చూసే అమ్మాయి ముందు పేరు సరిచూసింది. నా లైసెన్స్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది, ఆధార్‌లో పూర్తిగా ఉంది. మన దగ్గర చాలామందికి ఇలాగే ఉంటుంది. పీఎఫ్ ఖాతా ఆధార్‌లోని పేరుతోనే తెరుస్తారు కాబట్టి పాన్, పాస్‌బుక్ దానితో సరిపోతే చాలంది. నావి సరిపోయాయి. పేరు తేడా ఉన్నవాళ్లు ఇంటర్వ్యూకి ముందే సరిచేయించుకుంటే మంచిది, ఎందుకంటే జీతం పడే సమయానికి అదే అడ్డొస్తుంది.

తర్వాత, "లైసెన్స్‌లో ట్రాన్స్‌పోర్ట్ లేదు, ఎల్ఎంవీ మాత్రమే ఉంది కదా?" అని అడిగింది. ఎల్ఎంవీ అంటే తేలికపాటి వాహనం. ఏస్‌ది పసుపు నంబర్ ప్లేటు, సరుకు రవాణా బండి. కాబట్టి ఈ అనుమానం రావడం సహజమే. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దీన్ని తేల్చింది. లోడుతో కలిపి మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉండే రవాణా బండిని ఎల్ఎంవీ లైసెన్స్‌తో నడపొచ్చు, విడిగా ఎండార్స్‌మెంట్ అక్కర్లేదు. ఏస్ లోడుతో సహా అంతకంటే చాలా తక్కువే ఉంటుంది. ఇదే చెప్పాను. సూపర్‌వైజర్ గారు తలూపి, "పెద్ద లారీలకి మాత్రం ఇది చెల్లదు, గుర్తుంచుకో బాబూ" అన్నారు.

రూటు ప్రశ్న కూడా ఆయనే అడిగారు. "పొద్దున ఎనిమిదికి ఇక్కణ్నుంచి బయల్దేరుతున్నావు. పటమటలో ఒక ఇల్లు, లబ్బీపేటలో ఒక క్లినిక్, అక్కడ పది లోపు ఇవ్వాలి. వన్‌టౌన్ వస్త్రలతలో బట్టల మూటలు. భవానీపురంలో ఒక ఇల్లు, వాళ్లు పదకొండు దాటాకే ఉంటారు. బండిలో ఏది ముందు ఎక్కిస్తావు?"

ఏది ముందు ఇస్తావని కాకుండా ఏది ముందు ఎక్కిస్తావని అడగడం నాకు నచ్చింది. వరసగా చెప్పాను. పటమట పక్కనే, కాబట్టి అది మొదట. బెంజ్ సర్కిల్ దాటి లబ్బీపేట రెండోది, పదిలోపు పని అయిపోతుంది. తర్వాత వస్త్రలత, జనం పెరిగితే వన్‌టౌన్ సందుల్లో బండి ఆపడం కష్టం. చివరికి భవానీపురం, తిరుగు ప్రయాణం కనకదుర్గ ఫ్లైఓవర్ మీదుగా. కాబట్టి భవానీపురం సరుకు లోపలికి ముందు ఎక్కాలి, పటమటది తలుపు దగ్గర ఉండాలి. లేకపోతే ప్రతి చోటా సరుకు దించి మళ్లీ ఎక్కించాలి. "మూటలు బరువు కదా?" అన్నారు. బరువువి కింద, వీలైనంత ముందుకి జరిపి పెట్టి తాడు కడతానన్నాను. వెనక అంచున బరువు పడితే ముందు చక్రాలకి పట్టు తగ్గుతుంది, స్టీరింగ్ తేలిపోతుంది.

"వర్షం పడి రైల్వే బ్రిడ్జి కింద నీళ్లు నిలిచాయి. ముందు బస్సు వెళ్లిపోయింది, నువ్వు?" అన్నారు. బస్సు ఎత్తుగా ఉంటుంది, ఏస్ కిందకి ఉంటుంది. రోడ్డు కనిపించకపోతే దిగనని, ఆగి హబ్‌కి ఫోన్ చేసి వేరే దారి పడతానని చెప్పాను. ఆలస్యం గురించి ఆయన మాట్లాడలేదు.

సేఫ్టీలో రెండు ప్రశ్నలు బాగా గుర్తున్నాయి. మొదటిది, సందులో బండి వెనక్కి తీయాలి, తోడు ఎవరూ లేరు. ముందు దిగి వెనక్కి వెళ్లి చూస్తాను, పిల్లలు ఉన్నారేమో, డ్రైనేజీ మూత తెరిచి ఉందేమో. అక్కడ ఎవరైనా సాయం చేస్తే అద్దంలో కనిపించేచోట నిలబడమంటాను, ఆ మనిషి అద్దంలోంచి తప్పిపోయిన క్షణమే బ్రేకు వేస్తాను.

రెండోది, బండి తగిలి ఒకరు పడిపోయారు, జనం పోగయ్యారు. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం డ్రైవరు గాయపడినవాళ్లకి వైద్యం అందేలా చూడాలి. జనం ఆగ్రహంతో మీద పడుతుంటే, ఆ పరిస్థితిని చట్టం కూడా మినహాయిస్తుంది. అప్పుడు 108కి, 112కి ఫోన్ చేసి దగ్గరి స్టేషన్‌కి వెళ్లి చెప్పాలి. ప్రమాదం జరిగిన చోట పోలీసు లేకపోతే వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు స్టేషన్‌లో తెలపాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా రాతపూర్వకంగా చెప్పాలి. "పారిపోతే కేసు బరువెక్కుతుంది, ఆ మనిషి ప్రాణం కూడా పోవచ్చు" అన్నాను. ఇదొక్కటి మాత్రం నేను గట్టిగా నమ్ముతాను.

చివర్లో యార్డులో బండి ఇచ్చారు. ఎక్కేముందు టైర్లు, ఇంజన్ ఆయిలు, బ్రేకు లైట్లు చూశాను, ఆ తర్వాతే తాళం తిప్పాను. ఆపినప్పుడు హ్యాండ్‌బ్రేకు వేసి గేరులో ఉంచాను. పోలీసు వెరిఫికేషన్ కాగితాలు వాళ్లే పంపారు. అది పూర్తయ్యాక పనిలోకి రమ్మన్నారు, మొదట్లో పాత డ్రైవరు పక్కన కూర్చుని రూటు చూడమన్నారు.