లీనియర్ రిగ్రెషన్ ఛానెల్: గీతను ఎక్కడ ఆపాలన్నదే అసలు ప్రశ్న

ట్రెండ్ లైన్ చేత్తో గీయడం మీద నాకు చాలాకాలంగా నమ్మకం లేదు. ఏ రెండు కనిష్ఠాలను కలపాలో ఎంచుకునేది మనమే, ఆ గీతకు దిగువగా జారిన మూడోదాన్ని లెక్కలోకి తీసుకోవాలా వద్దా అని తేల్చేదీ మనమే. చేతిలో షేర్లు ఉన్న రోజున గీత ఒకలా వస్తుంది, లేని రోజున ఇంకోలా వస్తుంది. అందుకే కంటిని పక్కనపెట్టి, గీతను లెక్కతోనే గీద్దామని కూర్చున్నాను. ధరల మధ్యగా లెక్కకట్టి గీసిన గీత, దానికి పైనా కిందా సమాన దూరంలో ఒక్కో పట్టీ, ఇదే లీనియర్ రిగ్రెషన్ ఛానెల్. చార్టింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్క క్లిక్‌తో వచ్చేస్తుంది నిజమే, కానీ లోపల ఏం జరుగుతోందో తెలియాలంటే స్ప్రెడ్‌షీట్‌లో చేసి చూడాల్సిందే.

నేర్చుకోవడానికని పది ముగింపు ధరల చిన్న వరుస ఒకటి తీసుకున్నాను: 102, 101, 104, 107, 105, 108, 112, 110, 113, 118. ఎడమ కాలమ్‌లో తేదీలు పెట్టలేదు, రోజుకొక బార్ చొప్పున 1 నుంచి 10 దాకా బార్ నంబర్లు పెట్టాను. తేదీలు పెడితే సెలవు రోజులు కూడా దూరంగా లెక్కకొస్తాయి. శుక్రవారం నుంచి సోమవారానికి మూడు అడుగులు వేసినట్టవుతుంది, మార్కెట్ మాత్రం ఒక్క అడుగే వేసింది.

తర్వాత మూడు ఫార్ములాలు చాలు. ముందు ధరలు, తర్వాత బార్ నంబర్లు, ఈ వరుస మాత్రం తప్పకూడదు.

```
=SLOPE(B2:B11,A2:A11)
=INTERCEPT(B2:B11,A2:A11)
=STEYX(B2:B11,A2:A11)
```

వాలు 1.67 వచ్చింది, అంటే గీత బార్‌కి సుమారు 1.67 చొప్పున ఎక్కుతోంది. మొదలు విలువ 98.8. ప్రతి ధరకూ గీతకూ మధ్య నిలువు తేడాలను వర్గం చేసి కూడితే, ఆ మొత్తం ఈ గీతకే అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. కంటికి నచ్చే గీతలు వంద ఉండొచ్చు, ఈ షరతుకు నిలిచేది ఒక్కటే.

మూడో ఫార్ములా ఇచ్చిన 1.77 స్టాండర్డ్ ఎర్రర్. ఇక్కడ కాసేపు ఆగాను, ఎందుకంటే కొన్ని ఛానెళ్లు దీని బదులు ధరల స్టాండర్డ్ డీవియేషన్ వాడతాయి. రెండూ ఒకటే అనుకుంటే పట్టీ వెడల్పు ఎక్కడికో పోతుంది. ఈ పది ధరల స్టాండర్డ్ డీవియేషన్ 5.33. అది ధరలు తమ సగటు అయిన 108 నుంచి ఎంత దూరం వెళ్లాయో చెబుతుంది, కాబట్టి పైకెక్కుతున్న ట్రెండ్‌ను కూడా చెదురుగానే లెక్కేస్తుంది. స్టాండర్డ్ ఎర్రర్ మాత్రం ట్రెండ్‌ను తీసేశాక గీత చుట్టూ మిగిలిన చెదురును కొలుస్తుంది. తేడాల వర్గాల మొత్తం 25.16, దాన్ని పదితో కాకుండా ఎనిమిదితో భాగించి వర్గమూలం తీస్తే 1.77. వాలు, మొదలు విలువ అనే రెండిటినీ ఇవే ధరల నుంచి లాగాం కాబట్టి రెండు తగ్గించాలి. ట్రెండ్ బలంగా ఉన్నకొద్దీ ఈ రెండు కొలతల మధ్య దూరం పెరుగుతుంది. డీవియేషన్‌తో గీసిన ఛానెల్‌లోంచి ధర ఎప్పుడూ బయటికి రాకపోతుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

గీతకు పైనా కిందా రెండేసి స్టాండర్డ్ ఎర్రర్లు పెట్టాను. పదో బార్ దగ్గర గీత 115.53, పట్టీలు సుమారు 112, 119. ఆ రోజు ముగింపు 118 హాయిగా లోపలే ఉంది. ఇంతవరకు ఏ ఇబ్బందీ లేదు.

పదకొండో బార్‌కి 112 వేసి చూశాను. ట్రెండ్ విరిగిందా లేదా?

సాఫ్ట్‌వేర్ చేసినట్టే కొత్త బార్‌ను కూడా కలిపి మళ్లీ లెక్క కట్టాను. వాలు 1.44కి తగ్గింది, స్టాండర్డ్ ఎర్రర్ 2.20కి పెరిగింది. పదకొండో బార్ దగ్గర గీత 115.55, కింది పట్టీ 111.14. అంటే 112 లోపలే ఉంది, ఛానెల్ చెక్కుచెదరలేదు! కానీ పది బార్లతో వచ్చిన పాత గీతనే ఒక అడుగు ముందుకు పొడిగిస్తే 117.2 వస్తుంది, కింది పట్టీ 113.65. దాని ప్రకారం 112 స్పష్టంగా బయట ఉంది.

ధర ఒకటే, తీర్పులు రెండు. కారణం చూస్తే తేలికే. కొత్త ధర గీతను తన వైపు కిందికి లాక్కుంది, పైగా తన దూరంతో పట్టీని కూడా వెడల్పు చేసింది. ఎవరు తప్పుచేశారని అడుగుతున్నామో వాళ్లనే న్యాయమూర్తుల పక్కన కూర్చోబెట్టినట్టుంది. చార్టు మీద వెనక్కి చూసినప్పుడు ధరలన్నీ ఛానెల్‌లో ముచ్చటగా ఒదిగిపోయి కనిపించేది ఇందుకే. ఆ గీత ఆ రోజుల్లో అక్కడ లేదు, ఈరోజు ధర తెలిశాక వెనక్కి గీసింది.

కాబట్టి ఇప్పుడు నేను చేసే పద్ధతి ఇది: వాలు, మొదలు విలువ, స్టాండర్డ్ ఎర్రర్ మూడింటినీ ఒక బార్ దగ్గర విలువలుగా పేస్ట్ చేసి గడ్డకట్టిస్తాను. ఆ తర్వాతి బార్లను ఆ గీతతోనే పోలుస్తాను. ఎప్పుడు మళ్లీ లెక్క కట్టాలో కూడా ముందే రాసుకుంటాను, ధర పట్టీ దాటాక కాదు.

ఇంకో చిన్న సవరణ కూడా ఉంది. ముందుకు పొడిగించిన గీతకు సమాంతర పట్టీలు నిజానికి ఇరుకు. వాలులోనే కొంత అనిశ్చితి ఉంటుంది, డేటా మధ్య నుంచి దూరం జరిగేకొద్దీ అది పెరుగుతుంది. పది బార్ల గీతను పదకొండోదానికి పొడిగిస్తే స్టాండర్డ్ ఎర్రర్‌ను 1.21తో గుణించాలి. అప్పుడు కింది పట్టీ 112.90 అవుతుంది. పది బార్లే ఉన్నాయి కాబట్టి రెండుకు బదులు చిన్న నమూనాలకు వాడే టీ-పంపిణీ పట్టికలోని 2.306 వాడితే 112.25. అయినా 112 బయటే ఉంది, కాకపోతే వెంట్రుకవాసిలో. మొదట 1.65 దూరంలో కనిపించిన విరుపు కాస్తా 0.25కి తగ్గింది. ఇంత సన్నటి తేడా మీద నేనైతే అమ్మను, కొనను.

రెండు ఎర్రర్ల పట్టీలో 95 శాతం ధరలు ఉంటాయనే మాటను కూడా నేను పట్టించుకోవడం మానేశాను. ఆ లెక్క నిలవాలంటే తేడాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉండాలి. ధరల్లో అలా ఉండదు. నిన్న గీతకు పైనున్న ధర ఇవాళ కూడా చాలాసార్లు పైనే ఉంటుంది. తేడాల కాలమ్‌లో ప్లస్‌లు, మైనస్‌లు గుంపులు గుంపులుగా కనిపిస్తే స్టాండర్డ్ ఎర్రర్ ఉన్నదానికంటే తక్కువ భయాన్ని చూపిస్తోందన్నమాట.

ఇది ఎంత దూరం వెళ్తుందో చూడాలని ధరల కాలమ్‌ను ఖాళీ చేసి, బార్ నంబర్లనూ పై మూడు ఫార్ములాల పరిధినీ 102వ వరుస దాకా పెంచి, B2లో 100 పెట్టి, కింది ఫార్ములాను మూడో వరుస నుంచి వంద వరుసలు లాగాను.

```
=B2+NORM.S.INV(RAND())
```

ఇందులో ట్రెండ్ అనేదే లేదు, ప్రతి అడుగూ పాచికే. అయినా ఎఫ్‌9 నొక్కిన ప్రతిసారీ కొత్త వరుస, దాని మీద కొత్త ఛానెల్. వాటిలో చాలావాటికి చక్కటి వాలు, పట్టీ అంచుల దగ్గర బుద్ధిగా వెనక్కి తిరిగే ధరలు! పేరు చెప్పకుండా చూపిస్తే ఏది నిజమైన షేరో నేను చెప్పలేను. అందుకే ఏదైనా ఛానెల్ బాగా నచ్చినప్పుడు, అదే పొడవున్న పాచికల వరుసలు కొన్ని గీసి పక్కన పెట్టి చూస్తాను. గడ్డకట్టించిన గీత తర్వాతి బార్లలో ఎలా నిలబడిందో రెండు వైపులా లెక్కపెడతాను. నా షేరు వాటికంటే మెరుగ్గా నిలబడకపోతే ఆ ఛానెల్‌ను చెరిపేస్తాను.