నిఫ్టీ పైకి, లైను కిందికి: భీమవరంలో నా అడ్వాన్స్-డిక్లైన్ లెక్క

చాలాకాలం నా షీటులో నిఫ్టీ గీత ఒక్కటే ఉండేది. ఇప్పుడు దాని కింద రెండో గీత చేరింది. రోజూ ఎన్ని షేర్లు పెరిగాయి, ఎన్ని తగ్గాయి అన్న తేడాను ముందు రోజు మొత్తానికి కలుపుకుంటూ పోతే వచ్చే అడ్వాన్స్-డిక్లైన్ లైను ఇది. దీని వెనుక మా బావగారి పోరు ఉంది. ఆయనకు ఉండి ఊరి వైపు వనామీ రొయ్యల చెరువులు ఉన్నాయి. పట్టుబడి అయ్యాక, మళ్లీ పిల్ల వదిలేదాకా చేతిలో ఉన్న డబ్బును మిడ్‌క్యాప్ షేర్లలో పెడతారు. "నిఫ్టీ రికార్డు అని టీవీలో ఊదరగొడుతున్నారు. నా షేర్లన్నీ ఎరుపులో ఎందుకున్నాయి చెప్పు?" అన్నది ఆయన ప్రశ్న.

సగం జవాబు సూచీని కట్టే తీరులోనే ఉంది. నిఫ్టీలోని యాభై కంపెనీలకూ సమాన ఓటు లేదు. మార్కెట్లో చేతులు మారడానికి వీలున్న షేర్ల విలువను బట్టి వెయిటేజీ ఉంటుంది. లెక్క తేలికగా ఉండాలని గుండ్రటి అంకెలు తీసుకుందాం. పది శాతం వెయిటేజీ ఉన్న ఒక షేరు 3 శాతం పెరిగితే సూచీకి 0.3 శాతం కలుస్తుంది. అందరి వెయిటేజీ కలిపి నలభై శాతం ఉన్న నలభై షేర్లు తలా అర శాతం తగ్గితే 0.2 శాతం పోతుంది. మిగిలిన తొమ్మిది కదలలేదనుకుంటే సూచీ 0.1 శాతం లాభంతో ముగుస్తుంది. పెరిగింది ఒకటి, తగ్గినవి నలభై. బావగారికి ఆయన భాషలోనే చెప్పాను: వలలో నాలుగు పెద్ద రొయ్యలు పడితే సగటు బరువు బాగానే వస్తుంది, ఒక్కొక్కటీ చేత్తో చూస్తేనే చెరువు సంగతి తెలుస్తుంది.

ఇక పని. ఎన్‌ఎస్‌ఈ రోజూ సాయంత్రం భావ్‌కాపీ అనే ఫైలు ఉచితంగా ఇస్తుంది. ఆ రోజు ట్రేడయిన ప్రతి సెక్యూరిటీ ముగింపు ధర, ముందు రోజు ముగింపు అందులో ఉంటాయి. 2024 జూలైలో ఫైలు రూపం మారింది. ఇప్పుడు కావలసిన నిలువు వరుసలు `TckrSymb`, `SctySrs`, `ISIN`, `PrvsClsgPric`, `ClsPric`. అంతకుముందు ఫైళ్లలో అవే `SYMBOL`, `SERIES`, `ISIN`, `PREVCLOSE`, `CLOSE` అన్న పేర్లతో ఉంటాయి. ఈ ఐదింటినీ ఇదే వరుసలో A నుంచి E వరకు పెట్టి, F లో ముగింపు నుంచి ముందు రోజు ముగింపును తీసేస్తాను. పెరిగినవి లెక్కించే సూత్రం ఇది:

```
=COUNTIFS(B:B,"EQ",C:C,"INE*",F:F,">0")
```

తగ్గినవాటికి చివర `"<0"` పెడితే సరి. మారనివి ఎటూ చేరవు. ఇందులో `INE*` అన్న ముక్క చిన్నదే కానీ అవసరం. `EQ` సిరీస్‌లో కంపెనీ షేర్లే కాకుండా బంగారం, లిక్విడ్ ఈటీఎఫ్‌లు, అంటే షేర్లలాగే ట్రేడయ్యే ఫండ్లు, కూడా ఉంటాయి. వాటి గుర్తింపు కోడ్ ఐఎస్ఐఎన్ `INF` తో మొదలవుతుంది, కంపెనీ షేర్లది `INE` తో. బంగారం ధర పెరిగిన రోజున గోల్డ్ ఈటీఎఫ్‌లన్నీ పెరిగిన షేర్ల లెక్కలో చేరిపోతే ఆ సంఖ్యకు అర్థం ఉండదు.

బోనస్, స్ప్లిట్‌లతో షేర్ల సంఖ్య పెరిగే రోజుల గురించి మొదట భయపడ్డాను. ధర సగానికి పడినట్టు కనిపిస్తే లెక్క తప్పదా అని. ఇరవై శాతానికి మించి పడినట్టు కనిపించే షేర్లను విడిగా చూసుకుంటున్నాను కానీ, ఇక్కడ ఎంత తగ్గిందన్నది లెక్కలోకి రాదు, తగ్గిందా లేదా అన్నదే వస్తుంది. పద్దెనిమిది వందల షేర్లలో ఒకదాని గుర్తు తారుమారైతే గీతలో కంటికి కనిపించేంత తేడా రాదు.

రెండో షీటులో B లో పెరిగినవి, C లో తగ్గినవి రాసి, తేడాను రెండింటి మొత్తంతో భాగిస్తాను. ఏటా కొత్త కంపెనీలు లిస్టవుతూ షేర్ల సంఖ్య పెరుగుతుంది కాబట్టి, వట్టి తేడానే కలుపుకుంటూ పోతే ఇటీవలి రోజులకు అనవసరంగా బరువు పెరుగుతుంది.

```
D3: =(B3-C3)/(B3+C3)*100
E3: =E2+D3
```

ఊహించిన మూడు రోజులతో చూద్దాం. మొదటి రోజు 1,000 పెరిగి 800 తగ్గితే +11.1. రెండో రోజు 700 పెరిగి 1,100 తగ్గితే −22.2. మూడో రోజు 850, 950 అయితే −5.6. E2 లో సున్నా పెట్టి మొదలుపెడితే లైను 11.1, −11.1, −16.7గా నడుస్తుంది. ఈ మూడు రోజులూ నిఫ్టీ కొద్దికొద్దిగా పెరిగి ఉండవచ్చు. అయినా దీన్ని వెంటనే హెచ్చరిక అనుకోకూడదు. రెండు గీతల మధ్య మూడు రోజుల ఎడం రోజువారీ రొద మాత్రమే.

నేను చూసే పద్ధతి వేరు. నిఫ్టీ కొత్త గరిష్ఠంలో ముగిసిన రోజు ఆగి, దానికి కనీసం కొన్ని వారాల ముందున్న గరిష్ఠం తేదీన లైను ఎక్కడుందో చూస్తాను. ఇప్పుడు అంతకంటే కింద ఉంటే ఆ తేదీ పక్కన రాసి పెడతాను.

దీన్ని పాత సంవత్సరం మీద పరీక్షించడానికి 2018ని ఎంచుకున్నాను. ఆ ఏడాది జనవరి 29న నిఫ్టీ 11,130 దగ్గర ముగిసింది. ఆ తర్వాత పడి, కోలుకుని, ఆగస్టు 28న 11,738కి చేరింది. అంటే సుమారు ఐదున్నర శాతం పైకి. అదే నెలలో రిలయన్స్ మార్కెట్ విలువ 8 లక్షల కోట్లు దాటింది. లైను మాత్రం ఆగస్టులో జనవరి స్థాయి దరిదాపుల్లో కూడా లేదు. మిడ్‌క్యాప్ సూచీ కూడా జనవరి శిఖరం కంటే దిగువనే ఉంది, స్మాల్‌క్యాప్ అయితే ఇంకా చాలా దిగువన. రెండు గీతలనూ ఒకదాని కింద ఒకటి పెడితే మార్చి నుంచే దారులు వేరవడం తెలుస్తుంది. ఆ సెప్టెంబరులో మౌలిక వసతులకు రుణాలిచ్చే సంస్థ ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ ఎగవేతలు బయటపడ్డాయి. అక్టోబరు 26న నిఫ్టీ 10,030 దగ్గర ముగిసింది. శిఖరం నుంచి సుమారు పద్నాలుగున్నర శాతం నష్టం.

లైను ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్‌ను ముందే పసిగట్టిందని ఎవరైనా అంటే నమ్మకండి. సూచీని మోస్తున్నవాళ్లు తగ్గిపోయారని మాత్రమే అది చెప్పింది. ఎప్పుడు పడుతుందో చెప్పలేదు. అమెరికాలో న్యూయార్క్ ఎక్స్ఛేంజీ లైను 1998 ఏప్రిల్‌లో శిఖరం తాకి దిగడం మొదలుపెడితే, డౌజోన్స్ 2000 జనవరి వరకు పైకే వెళ్లింది. ఇరవై నెలలకు పైగా! లైను చూసి, సూచీ పడుతుందని పందెం కట్టి షార్ట్ చేసినవాడి గతి ఊహించుకోవచ్చు.

ఇంకో ఇబ్బంది ఉంది. మొత్తం ఎక్స్ఛేంజీని లెక్కించే లైనుకు సహజంగానే కిందికి జారే గుణం ఉంటుంది. పెద్దగా ట్రేడవని చిన్న షేర్లు చాలా రోజులు పైసల్లో తగ్గుతూ, ఎప్పుడో ఒక రోజు ఎగురుతాయి. అందుకే ఏడాది దాటిన శిఖరాలను నేను పోల్చను. నిఫ్టీ 500 షేర్లకే పరిమితమైతే ఈ జారుడు తగ్గుతుంది, కానీ అక్కడ మరో ఉచ్చు ఉంది. ఆ జాబితా ఏడాదికి రెండుసార్లు, మార్చి, సెప్టెంబరు నెలాఖరుల్లో మారుతుంది. ఇవాళ్టి జాబితాతో 2018 లైను కడితే, అప్పటి నుంచి బాగా పెరిగి లోపలికి వచ్చినవే ఎక్కువగా ఉంటాయి, చితికిపోయి బయటికి వెళ్లినవి లెక్కలో ఉండవు. గీత అందంగా వస్తుంది, ఎడం మాయమవుతుంది. ఏ తేదీకి ఆ తేదీ నాటి జాబితానే వాడాలి.

బావగారికి ఇచ్చిన సలహా ఒక్కటే. ఎడం రాసిపెట్టి ఉన్నంతకాలం మేతకు, పిల్లకు కావలసిన డబ్బును మిడ్‌క్యాప్‌లలో కొత్తగా పెట్టవద్దు. నాలుగు నెలల్లో అవసరమయ్యే డబ్బుకు ఎదురుచూసే ఓపిక ఉండదు. నెలనెలా ఫండ్లలో పెట్టే సిప్‌లను ఆపనక్కర్లేదు. "మరి ఉన్నవి అమ్మాలా?" అన్నారు. అది ఈ లైను చెప్పదన్నాను, ఆయన ముఖం చిట్లించారు.

పాత నిఫ్టీ 500 జాబితాలను మార్పుల ప్రకటనల నుంచి వెనక్కి కట్టుకుంటూ వస్తున్నాను. కంపెనీలు పేర్లూ సింబళ్లూ మార్చుకున్న చోట పని నత్తనడకన సాగుతోంది. సింబల్‌తో కాకుండా ఐఎస్ఐఎన్‌తో జత చేస్తే చాలావరకు దొరుకుతున్నాయి. ముఖ విలువ చీల్చిన కంపెనీలకు మాత్రం ఐఎస్ఐఎన్ కూడా మారుతుంది కాబట్టి వాటిని చేత్తోనే కలుపుతున్నాను.