వెళ్లేటప్పుడు 4 రోజులు, వచ్చేటప్పుడు 10: జెట్‌లాగ్ లెక్క తప్పిన నా అనుభవం

నేను హైదరాబాద్‌లో లెక్చరర్‌ని. పోయిన వేసవిలో న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా చెల్లెలింట్లో 4 వారాలు ఉండి వచ్చాను. వేసవిలో అక్కడికీ మనకీ తేడా తొమ్మిదిన్నర గంటలు. వెళ్లినప్పుడు మూడు రాత్రులు కాస్త ఇబ్బంది పడ్డాను, నాలుగో రోజుకి మామూలైపోయాను. అదే లెక్కన వచ్చాక కూడా నాలుగు రోజులు చాలనుకుని, మూడు రోజుల సెలవు మిగుల్చుకుని నాలుగో రోజే కాలేజీలో జాయినయ్యాను.

ఆ రోజు మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు ఇన్విజిలేషన్. నాలుగున్నర దాటాక గోడకి ఆనుకుని నిలబడే నిద్రపోయాను. ఓ పిల్లాడు అడిషనల్ షీటు కోసం ఎన్నిసార్లు పిలిచాడో నాకు తెలియదు, పక్క గది సారొచ్చి భుజం తట్టారు. పరువు పోయింది.

ఆ రాత్రి రెండింటికి కళ్లు పత్తికాయల్లా తెరుచుకుని కూర్చుని డాక్టరైన మా బావకి ఫోన్ చేశాను (ఆయనకి నైట్ డ్యూటీ, పాపం). ఆయన చెప్పింది ఇది. మన ఒంటి గడియారం 24 గంటల కంటే కొద్దిగా ఎక్కువ తిరుగుతుంది, అందుకే దాన్ని వెనక్కి జరపడం, అంటే రోజూ ఇంకాస్త ఆలస్యంగా పడుకోవడం తేలిక. పడమరకి వెళ్తే రోజుకి సుమారు గంటన్నర సర్దుకుంటుంది, తూర్పుకి వస్తే గంటే. మనిషిని బట్టి ఇది మారుతుంది కానీ అంచనాకి పనికొస్తుంది. నా తొమ్మిదిన్నర గంటలకి వెళ్లేటప్పుడు ఆరు రోజులు పైన, వచ్చేటప్పుడు తొమ్మిదిన్నర.

"మరి అక్కడ నాలుగో రోజుకే బాగయ్యాను కదా బావా" అన్నాను. దానికీ జవాబుంది. మామూలుగా లేచే సమయానికి రెండు, రెండున్నర గంటల ముందు ఒళ్లు బాగా చల్లబడి నిద్ర ముంచేసే వేళ ఒకటుంటుంది. మా ఇంట్లో దానికి 'మత్తు వేళ' అని పేరు పెట్టాం. ఆరింటికి లేచే నాకు అది తెల్లవారుజామున నాలుగు. ఎడిసన్‌లో దిగేసరికి అది సాయంత్రం ఆరున్నరకి పడింది. రోజుకి గంటన్నర చొప్పున జరిగి మూడు రోజుల్లో రాత్రి పదకొండు అయింది, అంటే మంచంలోకి వచ్చేసింది. పూర్తిగా సర్దుకోకపోయినా మత్తు వేళ నిద్రలో పడితే పగలు మనకి తెలియదు, అంతే.

హైదరాబాద్‌లో దిగినప్పుడు అదే మత్తు వేళ మధ్యాహ్నం ఒకటిన్నర. నేను చేసిన తప్పు ఇక్కడే ఉంది. పొద్దున్నే ఎండలో తిరిగితే జెట్‌లాగ్ పోతుందని అందరూ అంటారు కదా, నేనూ మూడు రోజులు ఎనిమిది నుంచి పదకొండు దాకా డాబా మీదే ఉన్నాను. కానీ మత్తు వేళకి ముందు పడే వెలుగు గడియారాన్ని ఆలస్యం వైపు లాగుతుంది, తర్వాత పడేదే ముందుకి తెస్తుంది. ముందుకి రావాలంటే నేను ఒకటిన్నర దాకా కర్టెన్లు వేసుకుని, ఆ తర్వాత ఎండలోకి వెళ్లాల్సింది. నేనేమో ఆ టైముకి గదిలో పడి నిద్రపోయాను.

ఎటు జరుగుతున్నామో కనిపెట్టడం కష్టమేం కాదు, రోజూ నిద్ర అతిగా ముంచుకొచ్చే టైము రాసుకుంటే చాలు. నాకు మొదటి రోజు ఒకటిన్నర, రెండో రోజు మూడు కావస్తుంటే, మూడో రోజు నాలుగు, పరీక్ష రోజు ఐదు దగ్గర. ముందుకి రావడం లేదు, వెనక్కే పోతోంది. అంటే తొమ్మిదిన్నర గంటలు తూర్పుకి కాకుండా పద్నాలుగున్నర గంటలు చుట్టు తిరిగి వస్తున్నాను! బావ నవ్వి, రోజుకి గంటన్నర చొప్పున అదీ పది రోజుల లోపే, అటైనా ఇటైనా నీకు ఒకటే, మధ్యలో దారి మార్చకు అన్నాడు. దారి మారిస్తే ఆలస్యం వైపు జరిగిన మూడు గంటలూ మళ్లీ ముందుకి తేవాలి.

అలాగే వదిలేశాను. మత్తు వేళ సాయంత్రం దాటాక పగలంతా తేలికైంది, కాకపోతే రాత్రి ఏడున్నరకి అన్నం కంచం ముందే తూగేవాణ్ణి, మా ఆవిడ చెయ్యి కడిగించి కూర్చోబెట్టేది. ఏడో రోజున పదకొండు దాకా మెలకువగా ఉండి ఆరు గంటలు నిద్రపోయాను. మత్తు వేళ తెల్లవారుజామున నాలుగుకి రావడానికి ఇంకో మూడు నాలుగు రోజులు పట్టింది.

ఈ డిసెంబరులో మళ్లీ వెళ్లాలి. శీతాకాలంలో తేడా పదిన్నర గంటలు, కాబట్టి తిరుగు ప్రయాణంలో ముందుకి వస్తే పదిన్నర రోజులు, చుట్టు తిరిగితే తొమ్మిదే. చుట్టూనే వస్తాను. తిరిగొచ్చాక ఆరు రోజులు సెలవు పెట్టాను, మధ్యాహ్నం డ్యూటీ మాత్రం పదో రోజు దాకా వద్దని ముందే చెప్పేశాను.