చీకట్లో నడక పరీక్ష: జర్నల్ క్లబ్‌కి ఒక పేపర్ చదువుకున్న నా అనుభవం

శ్రీకాకుళంలో కంటి విభాగంలో పీజీ చేస్తున్నాను. ఈసారి పరిశోధన పేపర్లు చర్చించుకునే జర్నల్ క్లబ్‌లో నాకు పడిన పేపర్ 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ఆర్‌పీఈ65 జన్యువు దెబ్బతిని పుట్టుకతోనే చూపు తగ్గినవాళ్లకి చేసిన జన్యు చికిత్స, మూడో దశ పరీక్ష.

మా ఓపీకి రేచీకటితో పిల్లలొస్తే ముందు విటమిన్ ఏ లోపం గురించే ఆలోచిస్తాం. ఈ జబ్బులో విటమిన్ ఏ ఒంట్లో ఉంటుంది, కానీ రెటీనా దాన్ని వాడుకోలేదు. వెలుతురు పడ్డాక ఖర్చయిన విటమిన్ ఏ రూపాన్ని మళ్లీ పనికొచ్చే రూపంలోకి మార్చే ఎంజైమ్ ఆర్‌పీఈ65. అది లేకపోతే ఎన్ని చుక్కలు తాగించినా ఫలితం ఉండదు. అమ్మ నుంచి, నాన్న నుంచి వచ్చిన రెండు కాపీలూ పాడైతేనే జబ్బు వస్తుంది కాబట్టి, మేనరికాలున్న కుటుంబాల్లో దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

చికిత్స ఆలోచన సూటిగా ఉంటుంది. జబ్బు కలిగించని ఏఏవీ2 అనే వైరస్ లోపలి జన్యువులు తీసేసి, ఆ ఖాళీలో మంచి ఆర్‌పీఈ65 పెడతారు. కంటి లోపలి జెల్లీని తీసే విట్రెక్టమీ ఆపరేషన్ చేసి, సన్నని సూదితో రెటీనా కింద 0.3 మిల్లీలీటర్ల ద్రవం వదులుతారు. అందులో 15,000 కోట్ల వైరస్ కణాల జన్యుపదార్థం ఉంటుంది. రెండో కంటికి 6 నుంచి 18 రోజుల్లో అదే చేస్తారు.

నాకు ఎక్కువ సమయం పట్టింది ఫలితాన్ని ఎలా కొలిచారో అర్థం చేసుకోవడానికే. ప్రధాన కొలమానం అక్షరాల చార్ట్ కాదు, నడక పరీక్ష. నేల మీద బాణం గుర్తులు, మధ్యలో అడ్డంకులు. వెలుతురుని కొలిచే లక్స్ లెక్కలో 400 నుంచి 1 దాకా ఏడు వెలుతురు మెట్లు. మూడు నిమిషాల్లోపు, నాలుగు కంటే తక్కువ తప్పులతో దాటితే ఆ మెట్టు పాసైనట్టు. వీడియోలు చూసి మార్కులేసేవాళ్లకి ఎవరికి చికిత్స జరిగిందో తెలియదు.

అంకెలు చెబితే ఎవరికీ ఎక్కవని సెమినార్ రూమ్‌లో ఉదాహరణ చెప్పాను. ఒక పిల్లవాడు మొదట 125 లక్స్‌లో, అంటే రాత్రి బస్సు లోపలుండే వెలుతురులో మాత్రమే దాటగలిగాడనుకుందాం. ఏడాది తర్వాత 4 లక్స్‌లో, రాత్రిపూట ఆరుబయట పార్కింగ్ స్థలంలో ఉండేంత వెలుతురులో దాటాడు. మధ్యలో 50, 10 ఉన్నాయి కాబట్టి మూడు మెట్లు లాభం. పేపర్‌లో చికిత్స పొందినవాళ్ల సగటు లాభం 1.8 మెట్లు, పొందనివాళ్లది 0.2. చికిత్స పొందిన 20 మందిలో 13 మంది 1 లక్స్‌లో కూడా దాటారు, రెండో గుంపులో ఒక్కరూ దాటలేదు.

అక్కడ మా ప్రొఫెసర్ గారు ఆపారు. "చార్ట్ మీద చూపులో తేడా గణాంకపరంగా తేలలేదని రాశారు కదమ్మా. మరి మందు పనిచేసిందని ఎలా అంటావు?"

నిజంగా టెన్షన్ పెట్టే ప్రశ్నే. చికిత్స పొందినవాళ్లకి సగటున 8 అక్షరాలు పెరిగినా, రెండు గుంపుల మధ్య తేడా అంత నమ్మదగినది కాలేదు. నేను చెప్పిన జవాబు ఇది. చార్ట్ కొలిచేది రెటీనా మధ్యలోని చిన్న భాగాన్ని, అది ప్రధానంగా కోన్ కణాల పని. ఈ ఎంజైమ్ లేక ఎక్కువ దెబ్బతినేవి చీకట్లో చూపునిచ్చే రాడ్ కణాలు. అందుకే లాభం కనిపించాల్సింది చీకట్లోనే. కంటికి ఎంత మసక మెరుపు దాకా తెలుస్తుందో చూసే మరో పరీక్షలో, వంద రెట్లకు పైగా తక్కువ వెలుతురు కూడా గుర్తించగలిగారు. రెండు పరీక్షలూ ఒకే వైపు చూపించడం వల్లే నేను ఆ ఫలితాన్ని నమ్ముతున్నాను.

అయినా ఆ నడక స్కేలు మీద నాకు అభ్యంతరముంది. 400 నుంచి 250కి దిగినా ఒక మెట్టే, 4 నుంచి 1కి దిగినా ఒక మెట్టే, కానీ వెలుతురు మార్పు సమానం కాదు. ముందే 4 లక్స్‌లో దాటినవాడు ఎంత మెరుగైనా ఒక్క మెట్టుకి మించి ఎక్కలేడు. పైగా ఎవరికి ఆపరేషన్ అయ్యిందో పేషెంట్లకి తెలుసు, కాబట్టి నడిచేటప్పుడు ఆ ధైర్యం కూడా కలుస్తుంది.

చివర్లో జూనియర్ ఒకరు, "మన దగ్గరకొచ్చే రేచీకటి పిల్లలందరికీ ఇది పనికొస్తుందా అక్కా?" అని అడిగింది. పనికిరాదు. ఇలాంటి జబ్బులు తెచ్చే జన్యువులు చాలా ఉన్నాయి, ఈ మందు ఒక్క ఆర్‌పీఈ65కే. స్టార్‌గార్డ్ అనే మరో వంశపారంపర్య రెటీనా జబ్బుకి కారణమైన ఏబీసీఏ4 జన్యువైతే ఈ వైరస్‌లో పట్టనే పట్టదు. ముందు జన్యు పరీక్షలో రెండు కాపీలూ పాడయ్యాయని తేలాలి, తర్వాత రెటీనా పొరల్ని చూపే ఓసీటీ స్కాన్‌లో బతికున్న రెటీనా కనిపించాలి. చచ్చిపోయిన కణంలో జన్యువు పెట్టి లాభం లేదు. అమెరికాలో రెండు కళ్లకీ కలిపి 2018లో ప్రకటించిన ధర 8,50,000 డాలర్లు. అందుకే మా ఓపీలో అలాంటి బిడ్డ కనిపిస్తే మందు పేరు చెప్పి ఆశపెట్టకుండా, ముందు రక్త నమూనా జన్యు పరీక్షకి పంపమని అడుగుతున్నాను.